అమ్మమ్మ ఫోన్‌లో మందుల అలారం: దూరం నుంచి ఎలా పెట్టాలి

మా అమ్మమ్మ తెనాలిలో ఒంటరిగా ఉంటుంది. వయసు 76. నేను డాలస్‌లో ఉంటాను. షుగరు, బీపీ, థైరాయిడ్ మూడూ ఉన్నాయి. మందులు మర్చిపోతోందని రెండేళ్ళ కిందట ఆమె ఫోన్‌లో రోజూ మోగేలా రిమైండర్లు పెట్టాను. పెట్టిన కొత్తలో నేను చేసిన ఒక తప్పు వల్ల ఆమె ఒక పొద్దున కళ్ళు తిరిగి కూలబడింది. అది ఎలా జరిగిందో, ఆ తర్వాత ఏమేం మార్చామో వరుసగా రాస్తున్నాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు పెట్టాలనుకుంటే ఈ వరుసలోనే చేయండి.

ముందు మందులన్నీ మంచం మీద పరిపించండి

ఫోన్ ముట్టుకునే ముందు చేయాల్సిన పని ఇది. వీడియో కాల్ చేసి, ఇంట్లో ఉన్న మందులన్నీ ఒకచోటికి తెప్పించండి. డబ్బాలో ఉన్నవే కాదు, ఫ్రిజ్ మీదివి, దిండు కిందివి, హ్యాండ్‌బ్యాగులో మిగిలినవి, పాత చీటీతో కొన్నవి, అన్నీ. ఒక్కో అట్టనూ వెనక్కి తిప్పి కెమెరాకు చూపించమనండి. పైన పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. దాని కింద చిన్న అక్షరాల్లో ఉండేది అసలు మందు పేరు. మీరు రాసుకోవాల్సింది ఆ చిన్న అక్షరాల పేరు, పక్కన ఎన్ని మిల్లీగ్రాములో.

మా అమ్మమ్మ మంచం మీద రెండు బీపీ మాత్రల అట్టలు కనిపించాయి. ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. పేర్లు వేరు, కంపెనీలు వేరు. వెనక్కి తిప్పితే రెండింటిలోనూ టెల్మిసార్టాన్ 40. ఒకటి ఊళ్ళో డాక్టరు గారు రాసింది, ఇంకొకటి గుంటూరులో గుండె పరీక్షకు వెళ్ళినప్పుడు రాసింది. "రెండూ వేసుకుంటున్నావా అమ్మమ్మా?" అంటే, "ఇద్దరు డాక్టర్లు ఇచ్చారు కదరా, ఒకరిది మానేస్తే ఎలా?" అంది. పొద్దున మంచం మీద నుంచి లేస్తే తల తిరుగుతోందని ఆమె అంతకుముందు రెండు నెలల నుంచి చెబుతూనే ఉంది. మేము వయసు అనుకున్నాం. ఆ జాబితా తీసుకుని పక్కింటి పిన్ని డాక్టరు గారి దగ్గరకు వెళితే ఆయన ఒకటి తీసేశారు. తల తిరగడం తగ్గింది.

ఇది చూడకుండా నేను నేరుగా అలారం పెట్టి ఉంటే, రెండు మాత్రలూ రోజూ తప్పకుండా వేసుకునేది. అందుకే జాబితా డాక్టరు చూసి సరే అన్నాకే తర్వాతి అడుగు వేయండి. మీ అంతట మీరు ఏ మాత్రా తీసేయకండి, కలపకండి.

ఆమె రోజు ఎలా నడుస్తుందో రాసుకోండి

మందుల చీటీలో 1-0-1 అని ఉంటుంది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి అని అర్థం. పొద్దున అంటే ఎన్నింటికి, తిన్నాకనా ముందా అన్నది డాక్టరు నోటితో చెబుతారు, అది ఇంటికి వచ్చేలోపు పోతుంది. ఆ సమయాలను మీరు ఆమె అలవాట్ల చుట్టూ అమర్చాలి.

మా అమ్మమ్మ ఐదుంపావుకు లేస్తుంది. ఆరున్నరకు కాఫీ. తర్వాత స్నానం, పూజ. ఎనిమిదింపావు ఎనిమిదిన్నర మధ్య టిఫిను. ఒంటిగంటకు భోజనం. రాత్రి ఎనిమిదికి మళ్ళీ భోజనం. ఇది రాసుకున్నాక నాలుగు వేళలే తేలాయి.

ఐదున్నరకు థైరాయిడ్ మాత్ర. అది పరగడుపున మంచినీళ్ళతోనే వేసుకోవాలి, ఆ తర్వాత అరగంట నుంచి గంట దాకా కాఫీ కూడా తాగకూడదు. అంతకుముందు ఆమె దాన్ని కాఫీతోనే మింగేది. ఎనిమిదింపావుకు టిఫిన్ వేళ షుగరు మాత్ర, బీపీ మాత్ర. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒకటిన్నరకు కాల్షియం. కాల్షియం థైరాయిడ్ మాత్రను ఒంటికి పట్టనివ్వదు, రెండింటికీ మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలి, కాబట్టి అది మధ్యాహ్నానికి పోయింది. రాత్రి భోజనం అయ్యాక ఎనిమిదిన్నరకు షుగరుది ఇంకొక మాత్ర, కొలెస్ట్రాల్‌ది ఒకటి.

నాలుగు కంటే ఎక్కువసార్లు మోగితే పెద్దవాళ్ళు విసుగుతో ఆపేయడం మొదలుపెడతారు. ఆరు, ఏడు వేళలు తేలితే ఏవి ఒకే వేళకు కలపవచ్చో డాక్టరునే అడగండి.

అలారం ఎక్కడ పెట్టాలి

నా తప్పు ఇక్కడే జరిగింది. ఆమె ఫోన్‌లోని గూగుల్ అకౌంటు నా లాప్‌టాప్‌లో కూడా ఉంది. డిసెంబరులో ఇక్కడే కూర్చుని ఆమె క్యాలెండర్‌లో రోజూ వచ్చేలా నాలుగు ఈవెంట్లు పెట్టేశాను. లాప్‌టాప్ డాలస్ టైములో ఉంది కాబట్టి లెక్క వేసి పెట్టాను. చలికాలంలో డాలస్ కంటే మన టైము పదకొండున్నర గంటలు ముందు. ఇక్కడ రాత్రి 8:45 అంటే అక్కడ మర్నాడు పొద్దున 8:15. మూడు నెలలు చక్కగా మోగింది.

అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుపుతారు. మన దేశంలో జరపరు. నేను పెట్టిన ఈవెంటు మాత్రం డాలస్ టైమునే పట్టుకుని ఉంది. ఇక్కడ అదే 8:45కు మోగింది, తెనాలిలో అది 7:15 అయింది.

ఆ సోమవారం పొద్దున థైరాయిడ్ మాత్రకు ఫోన్ నాలుగున్నరకే లేపింది. బయట ఇంకా చీకటి. గోడ గడియారం వైపు చూసి, అదే ఆగిపోయిందేమో అనుకుందట. "నువ్వు పెట్టింది తప్పు మోగదు కదా" అంది తర్వాత. 7:15కు మళ్ళీ మోగింది. షుగరు మాత్ర వేసుకుని పూజకు కూర్చుంది. టిఫిను తినేది ఎనిమిదిన్నరకే. ఆమె వేసుకునేది గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర. అందులో గ్లిమెపిరైడ్ తిండి లోపలికి పడినా పడకపోయినా షుగరు దించుతూనే ఉంటుంది. ఎనిమిది అయ్యేసరికి చేతులు వణికాయి, జాకెట్టు తడిసేలా చెమటలు పట్టాయి, హారతి పళ్ళెం చేతిలోంచి జారింది. ఆ చప్పుడుకు పక్కింటి పిన్ని పరిగెత్తుకొచ్చి వేలు గుచ్చి చూస్తే షుగరు 58. సగం గ్లాసు నీళ్ళలో మూడు చెంచాల పంచదార కలిపి తాగించింది. పావుగంట తర్వాత మళ్ళీ చూస్తే 92. అప్పుడు ఇడ్లీలు తినిపించింది.

70 కంటే తక్కువ ఉంటే చేయాల్సింది ఆమె చేసిందే. పంచదార నీళ్ళు, పావుగంట ఆగి మళ్ళీ పరీక్ష, ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ పంచదార నీళ్ళు, తేరుకున్నాక తిండి. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. గ్లూకోమీటరు, పంచదార డబ్బా ఎక్కడున్నాయో పక్కింటివాళ్ళకు ముందే చెప్పి ఉంచండి.

కాబట్టి మందుల అలారం క్యాలెండర్‌లో పెట్టకండి. ఆమె ఫోన్‌లోనే ఉండే గడియారం యాప్‌లో పెట్టండి. అది ఆ ఊరి టైములోనే మోగుతుంది, నెట్ లేకపోయినా మోగుతుంది, ఆపేదాకా చాలాసేపు మోగుతుంది. క్యాలెండర్ ఒకసారి టింగుమని ఊరుకుంటుంది. దూరం నుంచి క్యాలెండర్‌లో పెట్టక తప్పని పరిస్థితి అయితే, ఈవెంటులో టైమ్ జోన్‌ను `India Standard Time` అని మార్చడం మర్చిపోకండి. విడిగా దొరికే మందుల యాప్‌లు కూడా ఉన్నాయి. కానీ బ్యాటరీ ఆదా కోసం చాలా ఫోన్లు వాటిని వెనక నుంచి ఆపేస్తాయి, అప్పుడు అలారం ఆలస్యంగా వస్తుంది లేదా రాదు. ఫోన్‌తో వచ్చిన గడియారానికి ఈ ఇబ్బంది దాదాపు ఉండదు.

పెట్టడం

ఆమెకు వాట్సాప్ వీడియో కాల్ చేసి, స్క్రీన్ షేర్ బటన్ నొక్కమనండి. ఆమె స్క్రీన్ మీకు కనిపిస్తుంది. మీరు అక్కడి నుంచి నొక్కలేరు, ఏది నొక్కాలో చెప్పాలి. తొందరపెట్టకండి. మాకు నాలుగు అలారాలకు నలభై నిమిషాలు పట్టింది.

గడియారం తెరిచి, ప్లస్ గుర్తు నొక్కి, సమయం పెట్టించండి. ఇక్కడ `AM`, `PM` రెండుసార్లు చూడండి. రాత్రి ఎనిమిదిన్నర మాత్ర పొద్దున ఎనిమిదిన్నరకు మోగిందంటే ఎనిమిదింపావుకు ఒక షుగరు మాత్ర వేసుకున్న మనిషి ఇంకొకటి వేసుకుంటుంది. తర్వాత ఏడు రోజులూ ఎంచుకోవాలి, లేకపోతే ఒక్కరోజు మోగి ఆగిపోతుంది. అలారానికి పేరు తెలుగులో పెట్టండి. మందు పేరు ఆమెకు అక్కరలేదు. "టిఫిన్ పళ్ళెం ముందు పెట్టుకుని, పొద్దున గది" అని పెట్టాను నేను. గది అంటే మందుల డబ్బాలోది, దాని సంగతి కింద చెబుతాను.

ఇక మోత. ఫోన్‌తో వచ్చే పాటలు సన్నగా, కీచుగా ఉంటాయి. వయసుతో ముందు వినపడకుండా పోయేది ఆ సన్నటి శబ్దాలే. మా అమ్మమ్మకు పక్క గదిలో మోగినా తెలిసేది కాదు. అందుకని నా గొంతే రికార్డు చేశాను. పది సెకన్లు, నెమ్మదిగా: "అమ్మమ్మా, టిఫిన్ పళ్ళెం ముందుందా? ఉంటే పొద్దున గది తెరువు. లేకపోతే షుగరు మాత్ర వేసుకోకు." ఒక్కో వేళకు ఒక్కో మాట. దాన్ని ఎంపీ3 ఫైలుగా మార్చి వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపాను. వాయిస్ మెసేజ్‌గా పంపితే అలారం జాబితాలో కనిపించకపోవచ్చు. ఫైలు ఫోన్‌లోకి దిగాక, అలారంలో శబ్దం మార్చే చోటుకు వెళ్ళి దాన్ని ఎంచుకోమన్నాను. చివరగా సెట్టింగ్స్‌లో `Alarm volume` పూర్తిగా పెంచించండి. అది రింగ్ వాల్యూమ్‌కు వేరు. రింగ్ గట్టిగా వస్తోంది కదా అని వదిలేస్తే అలారం గుసగుసలాడుతూ ఉండిపోతుంది.

కాల్ పెట్టేసే ముందు, రెండు నిమిషాల తర్వాతకు ఒక ఉత్తుత్తి అలారం పెట్టి, ఆమె వంటింట్లో ఉండగా మోగించి చూడండి. ఫోన్ ఎక్కడ ఉంచితే ఇల్లంతా వినపడుతుందో అప్పుడు తెలుస్తుంది. మాకు అది ఫ్రిజ్ పైన. ఛార్జరు కూడా అక్కడే పెట్టించాం, ఎందుకంటే చాలా ఫోన్లు ఆఫ్ అయితే అలారం మోగించవు.

మోగింది సరే, వేసుకుందా?

మొదట్లో అమ్మమ్మ మోగగానే ఆపేసి, "ఇదిగో వస్తున్నా" అని స్టవ్ కట్టడానికి వెళ్ళేది. అంతే, మర్చిపోయేది. లేదా వేసుకుని, వేసుకున్నానో లేదో గుర్తురాక ఇంకొకటి వేసుకునేది. మొదటిదాని కంటే ఈ రెండోదే ప్రమాదం.

మెడికల్ షాపులో ఏడు రోజులకు, రోజుకు నాలుగు గదులున్న మందుల డబ్బా దొరుకుతుంది. ప్రతి ఆదివారం పక్కింటి పిన్ని అందులో వారానికి సరిపడా సర్దుతుంది, నేను వీడియోలో చూస్తాను. గది ఖాళీగా ఉంటే వేసుకున్నట్టు, నిండుగా ఉంటే లేదు. ఇక గుర్తుపెట్టుకునే పని లేదు. అలారం మోగుతుండగానే గది తెరవాలి, మింగాక ఆపాలి అని ఒకటే నియమం.

థైరాయిడ్ మాత్రను మాత్రం డబ్బాలో పోయకండి. గాలి తేమకు, వెలుతురుకు దాని బలం తగ్గుతుంది, సీసాలోనే ఉంచాలి. మరి వేసుకున్నదీ లేనిదీ ఎలా తెలుస్తుంది? దీనికి ఉపాయం అమ్మమ్మే కనిపెట్టింది. సీసా మంచం పక్క స్టూలు మీద ఉంటుంది. పొద్దున మాత్ర వేసుకోగానే మూత బిగించి, సీసాను తలకిందులుగా నిలబెడుతుంది. రాత్రి పడుకునే ముందు మళ్ళీ నిటారుగా పెడుతుంది. పొద్దున ఏ వేళ చూసినా సీసా తలకిందులుగా ఉంటే పని అయిపోయినట్టే.

నాకు తెలియడానికి మిస్డ్ కాల్. ఎనిమిదింపావు మాత్ర వేసుకోగానే ఒకటి, రాత్రి మాత్రకు ఒకటి. అక్కడ పొద్దున అంటే నాకు రాత్రి, అక్కడ రాత్రి అంటే నాకు పొద్దున, రెండుసార్లూ నేను మేలుకునే ఉంటాను. మధ్యాహ్నం కాల్షియానికి అడగను, అది ఒకరోజు తప్పినా కొంప మునగదు, ఆ వేళ నాకు అర్ధరాత్రి దాటి ఉంటుంది. అరగంటలో మిస్డ్ కాల్ రాకపోతే నేను చేస్తాను. ఎత్తకపోతే పిన్నికి చేస్తాను. పెద్దవాళ్ళను రోజూ ఫొటో తీసి పంపమనకండి. నేను అడిగి చూశాను, నాలుగు రోజులకే ఆగిపోయింది. మిస్డ్ కాల్ మాత్రం ఇంతవరకూ తప్పలేదు.

ఒక పూట నిజంగా మర్చిపోతే, తర్వాతి పూట రెండు కలిపి వేసుకోకూడదు. ఎంతసేపటి దాకా ఆలస్యంగా వేసుకోవచ్చు అన్నది మాత్రను బట్టి మారుతుంది కాబట్టి డాక్టరును ఒక్కోదాని గురించీ అడిగి, ఆ కాగితం డబ్బా మూతకు అతికించండి.

ఉపవాసం రోజు

అలారానికి ఏకాదశి తెలియదు, కార్తీక సోమవారం తెలియదు. మా అమ్మమ్మ రెండూ ఉంటుంది. మానమంటే మానదు, మానమని నేను అనను. మొదటి కార్తీకానికి ముందే డాక్టరు గారిని అడిగాం. తినని పూట ఆ పొద్దున షుగరు మాత్ర వేసుకోవద్దని, బీపీది, థైరాయిడ్‌ది మామూలుగానే వేసుకోవాలని, మధ్యలో నీరసం వస్తే షుగరు చూసుకుని ఉపవాసం వదిలేయాలని ఆయన చెప్పారు. ఇది ఆమెకు ఆమె డాక్టరు చెప్పింది. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకు లెక్క వేరుగా ఉంటుంది. మీరూ పండగకు ముందే అడగండి.

రికార్డింగ్‌లో "పళ్ళెం ముందుందా?" అని అడగడం ఇందుకే. సోమవారం మోగినప్పుడు ఆమె ఫోన్‌తో, "లేదురా, ఇవాళ ఉపవాసం" అంటుందట. పిన్ని చెప్పింది. ఆ రోజు ఒక మిస్డ్ కాల్‌కు బదులు రెండు వస్తాయి. రెండు వస్తే ఉపవాసం అని మా గుర్తు.

మందు మారినప్పుడు

డాక్టరు ఏదైనా మార్చిన రోజే మూడు పనులు జరగాలి. పాత అట్ట ఇంట్లోంచి వెళ్ళిపోవాలి. డబ్బాలో ఆ వారానికి సర్దినవి తీసేసి మళ్ళీ సర్దాలి. అలారం, అందులోని మాట మారాలి. ఒక్కటి ఆగినా పాత మందు ఏదో ఒక దారిన మళ్ళీ నోట్లోకి వెళుతుంది.

మొన్న వేసవిలో డాక్టరు గారు కాల్షియం ఆపేశారు. ఆ రాత్రే కాల్ చేసి, "ఒకటిన్నర అలారం తీసేద్దాం అమ్మమ్మా, స్క్రీన్ షేర్ నొక్కు" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అది ఉండనీ నాన్నా. భోజనం అయ్యాక ఇంట్లో ఏ చప్పుడూ ఉండదు. ఆ వేళకు నువ్వు పిలుస్తావు" అంది.

మాత్ర లేకుండా మాత్ర మాట మోగడం మంచిది కాదు. అలారం ఉంచి, రికార్డింగ్ మార్చాను. ఇప్పుడు ఒకటిన్నరకు ఫ్రిజ్ మీద నుంచి నా గొంతు, "అమ్మమ్మా, కరివేపాకు మొక్కకు నీళ్ళు పోశావా?" అని అడుగుతుంది. నిన్న వీడియోలో చూపించింది, మొక్క కిటికీ చువ్వల దాకా వచ్చింది.